పర్షియన్ ఎజాఫె గొలుసును ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు ప్రతి ముడికీ ‘ఆఫ్’ వేయాలా?

అనువాద_వాణి

ఇరాన్‌లో వ్యవసాయ సరుకుల రవాణాపై వచ్చిన ఒక నివేదికను పర్షియన్ నుంచి ఇంగ్లీషులోకి అనువదిస్తున్నాను. అందులోని ఒక అధ్యాయ శీర్షిక దగ్గర పని ఆగిపోయింది. దానిని తెలుగు లిపిలో రాస్తే ఇలా ఉంటుంది:

“నతాయెజ్-ఎ బర్రసీ-యె తఅసీర్-ఎ అఫ్జాయెష్-ఎ ఖెయ్మత్-ఎ సూఖ్త్ బర్ హజీనె-యె హమ్ల్-ఒ-నఖ్ల్-ఎ కాలాహా-యె కెషావర్జీ-యె ఒస్తాన్-ఎ ఖూజెస్తాన్.”

వరుసగా మాటలకు అర్థాలు ఇవి: ఫలితాలు, పరిశీలన, ప్రభావం, పెరుగుదల, ధర, ఇంధనం, మీద, ఖర్చు, రవాణా, సరుకులు, వ్యవసాయ సంబంధమైన, ప్రాంతం, ఖూజెస్తాన్. ఒక మాటను దాని తరువాతి మాటకు ముడివేసే ‘ఎ’ లేదా ‘యె’ అనే అచ్చునే ఎజాఫె అంటారు. ఇందులో మొత్తం 10 ఎజాఫెలు ఉన్నాయి. విశేషణం దగ్గర తప్ప మిగిలిన అన్నిచోట్లా ‘ఆఫ్’ వేస్తే ఇంగ్లీషులో 9 ‘ఆఫ్’లు వస్తున్నాయి: “ది రిజల్ట్స్ ఆఫ్ ద స్టడీ ఆఫ్ ది ఎఫెక్ట్ ఆఫ్ ది ఇంక్రీజ్ ఆఫ్ ద ప్రైస్ ఆఫ్ ఫ్యూయెల్...” అంటూ సాగే ఆ శీర్షికను ఎవరూ చివరిదాకా చదవరు. సంపాదకులు దానిని కుదించి “ఖూజెస్తాన్ అగ్రికల్చరల్ ట్రాన్స్‌పోర్ట్ కాస్ట్ స్టడీ రిజల్ట్స్” అని మార్చి పంపారు. అది పొట్టిగానే ఉంది గాని, అందులో ఇంధనమూ లేదు, ధర పెరుగుదలా లేదు.

అర్థం చెడకుండా ఏ ముడిని విప్పవచ్చు, ఏ ముడిని ఉంచాలి? చివరనున్న “ఒస్తాన్-ఎ ఖూజెస్తాన్” అసలు దేనికి చెందుతుంది: సరుకులకా, రవాణాకా, ఖర్చుకా?

మూసీ_ఒడ్డు

ఉర్దూ చదువుకున్నవారికి ఇది కొత్త కాదు, మేము దీనినే ఇజాఫత్ అంటాము. “వజీర్-ఎ-ఆజం” అన్నప్పుడు రెండో మాట విశేషణం కాబట్టి ‘ఆఫ్’ రాదు. రెండో మాట నామవాచకమైతే ‘ఆఫ్’ వస్తుంది. విశేషణం ఎప్పుడూ తనకు దగ్గరగా ముందున్న నామవాచకాన్నే పట్టుకుంటుంది. మన నగరంలో రోజూ వినే దారుష్షిఫా, నిజాముల్ముల్క్ వంటి మాటలు కూడా ఇవే ఇజాఫత్‌లు. ఈ లెక్కన ఖూజెస్తాన్ దగ్గరలో ఉన్న “సరుకులు” అనే మాటకే చెందుతుంది. ఇందులో సందేహించవలసినది కనబడటం లేదు.

పారశీక_పాఠకుడు

మూసీ_ఒడ్డు గారు చెప్పినదానిలో మొదటి సగం సరైనదే, మిగిలిన సగాన్ని కొంచెం సవరించాలి. దారుష్షిఫా, నిజాముల్ముల్క్ అనేవి అరబ్బీ సమాసాలు. వాటిలో వినిపించే “ఉల్”, “ఉష్” అనేవి అరబ్బీ భాషలోని విభక్తి ప్రత్యయమూ ఆర్టికలూ కలిసిన రూపం. పర్షియన్ రచయిత అటువంటి పేరును ఒకే ముద్దగా తీసుకుని దానికి బయటి నుంచి తన ఎజాఫెను తగిలిస్తాడు. “సరాయ్-ఎ నెజాముల్ముల్క్” అన్నప్పుడు అనువాదకుడు విప్పవలసిన ముడి ఒక్కటే, “ఎ” అనేది. లోపలి “ఉల్”ను విప్పబోతే పేరే పోతుంది.

ఇక అసలు ప్రశ్న. ఇంగ్లీషు గురించి ఆలోచించక ముందే గొలుసు ఎక్కడ తెగిందో చూడాలి. వాణి గారి శీర్షిక 10 ముడులున్న ఒకే గొలుసు కాదు. “సూఖ్త్” తరువాత ఎజాఫె లేదు, అక్కడ “బర్” అనే విభక్తి పదం వచ్చింది. అందుచేత అవి అయిదేసి ముడులున్న రెండు గొలుసులు. ఆ “బర్” కూడా తన ముందున్న ఇంధనానికి సంబంధించినది కాదు, చాలా వెనక ఉన్న “తఅసీర్” దానిని కోరుకుంటుంది. ఫలానాదాని తఅసీర్ ఫలానాదాని బర్, అంటే ఒకదాని ప్రభావం మరొకదాని మీద. ఈ జతను గుర్తిస్తే శీర్షికకు వెన్నెముక దొరికినట్టే: ఇంధన ధరల పెరుగుదల ఒక వైపు, రవాణా ఖర్చు మరొక వైపు, మధ్యలో ప్రభావం.

ఆ తరువాత ఒక్కొక్క ముడి దగ్గర ఆగి, ఈ రెండు మాటల మధ్య నిజంగా ఉన్న సంబంధమేమిటని అడగాలి. “ఖెయ్మత్-ఎ సూఖ్త్”లో ఇంధనం ధర రకాన్ని చెబుతోంది, ఇంగ్లీషులో రెండు నామవాచకాలను పక్కపక్కన పెట్టి “ఫ్యూయెల్ ప్రైసెస్” అంటే సరిపోతుంది. పర్షియన్‌లో ఏకవచనం ఉన్నా అది సాధారణార్థంలో ఉంది కాబట్టి ఇంగ్లీషులో బహువచనమే సహజం. “అఫ్జాయెష్-ఎ ఖెయ్మత్”లో పెరిగేది ధర. ఇంగ్లీషు ఆ చోట ‘ఆఫ్’ కంటే ‘ఇన్’ను ఇష్టపడుతుంది: “ద రైజ్ ఇన్ ఫ్యూయెల్ ప్రైసెస్”. “బర్రసీ-యె తఅసీర్”లో ప్రభావం అనేది పరిశీలన అనే క్రియకు కర్మ. అక్కడ ‘ఆఫ్’ ఉంచవచ్చు, లేదా క్రియగా విప్పి “హౌ” అనే మాటతో ఉపవాక్యం కట్టవచ్చు. “హమ్ల్-ఒ-నఖ్ల్-ఎ కాలాహా”లో సరుకులు రవాణాకు కర్మ, కాబట్టి “ట్రాన్స్‌పోర్టింగ్ గూడ్స్” అంటే ‘ఆఫ్’ అవసరమే రాదు. “ఒస్తాన్-ఎ ఖూజెస్తాన్”లో ప్రాంతమూ ఖూజెస్తానూ ఒకటే. “ఖూజెస్తాన్ ప్రావిన్స్” అంటే చాలు.

పర్షియన్‌లో ఎజాఫె ఇవన్నీ ఒకే అచ్చుతో చెబుతుంది. అదే అచ్చు కనబడింది కదా అని ఇంగ్లీషులో ఒకే మాట వేస్తే, మూలంలో పాఠకుడికి అర్థమైన వేరువేరు సంబంధాలు అనువాదంలో ఒకటే అయిపోతాయి.

కొత్త_చదువరి

ఎజాఫె అచ్చు రాతలో కనబడదని మా ఉపాధ్యాయులు చెప్పారు. అటువంటప్పుడు “సూఖ్త్” తరువాత ఎజాఫె లేదని మీరు అంత నిశ్చయంగా ఎలా చెప్పగలిగారు?

పారశీక_పాఠకుడు

అక్కడ నిశ్చయం రావడానికి కారణం “బర్”. విభక్తి పదం ముందు గొలుసు ముగియక తప్పదు. కర్మను సూచించే “రా”, ఉపవాక్యాన్ని తెచ్చే “కె”, క్రియ కూడా అటువంటి గట్టి అడ్డుకట్టలే. నామవాచకానికి “ఒక” అనే అర్థమిచ్చే “ఈ” చేరినా దాని తరువాత ఎజాఫె రాదు. “గొజారెషీ మొహెమ్” అంటే “ఒక ముఖ్యమైన నివేదిక”. రెండు మాటల మధ్య విశేషణ సంబంధం ఉన్నా అక్కడ ఎజాఫె పలకరు.

రాతలో ఎజాఫె పూర్తిగా కనబడదనడం కూడా సరికాదు. మాట “ఆ”తో గాని “ఊ”తో గాని ముగిస్తే ఎజాఫెకు “యే” అక్షరం రాస్తారు. “హా” అనే బహువచన ప్రత్యయంతో ముగిసే మాటలన్నీ మనకు మేలు చేస్తాయి: “కాలాహా” తరువాత “యే” ఉంటే గొలుసు సాగుతోంది, లేకపోతే అక్కడితో తెగింది. పలకని “హే”తో ముగిసే “హజీనె” వంటి మాటల మీద చిన్న హంజా గుర్తు గాని, విడిగా “యే” గాని ఉండాలి, కాని చాలామంది రాయరు. హల్లుతో ముగిసే మాటల తరువాత ఏమీ ఉండదు. “బర్రసీ” వంటి మాటలు ముందే “యే” అక్షరంతో ముగుస్తాయి కాబట్టి వాటి తరువాత కూడా ఎజాఫెకు వేరే గుర్తు లేదు.

నిజమైన ప్రమాదం హల్లుల దగ్గరే ఉంది. “దొలత్ తాజె వజీర్ రా ఎంతెఖాబ్ కర్ద్” అనే వాక్యాన్ని చూడండి. “దొలత్-ఎ తాజె” అని ఎజాఫెతో చదివితే “కొత్త ప్రభుత్వం మంత్రిని ఎంపిక చేసింది” అని అర్థం. ఎజాఫె లేకుండా “దొలత్, తాజె...” అని చదివితే “ప్రభుత్వం ఇప్పుడిప్పుడే మంత్రిని ఎంపిక చేసింది” అవుతుంది. కాగితం మీద రెండూ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉంటాయి. ఇక్కడ వ్యాకరణం తీర్పు చెప్పలేదు, ముందు వాక్యాలే చెప్పాలి.

గోదారి_గళం

నేను పర్షియన్ నేర్చుకునేటప్పుడు నాకు బాగా పనికివచ్చిన ఉపాయం ఒకటి ఉంది. పర్షియన్ గొలుసును చివరి నుంచి మొదటికి చదివితే తెలుగు వరుస వచ్చేస్తుంది. వాణి గారి శీర్షికలోని మొదటి గొలుసును వెనక నుంచి చదవండి: ఇంధన ధర పెరుగుదల ప్రభావ పరిశీలన ఫలితాలు. ఒక్క మాటనూ కదపనవసరం రాలేదు. ముందు ఇలా తెలుగులో రాసుకుని అర్థం కుదిరిందో లేదో చూసుకుని, ఆ తరువాత ఇంగ్లీషులోకి వెళితే పని సులువు అవుతుంది. ఇంగ్లీషులో ‘ఆఫ్’ వాడినప్పుడు పర్షియన్ వరుస, నామవాచకాలను పక్కపక్కన పేర్చినప్పుడు తెలుగు వరుస వస్తుంది కాబట్టి, మనకు రెండు వైపుల నుంచీ దారి తెలిసినట్టే.

వ్యాకరణ_ప్రియ

గోదారి_గళం గారి ఉపాయం వరుస పట్టుకోవడానికి మంచిదే గాని, అర్థాన్ని సరిచూసుకోవడానికి దానిని నమ్మవద్దని నా మనవి. తెలుగు సమాసం సందేహాన్ని దాచిపెడుతుంది. పర్షియన్‌లో “దర్-ఎ ఒతాఖ్-ఎ బొజొర్గ్” అంటే గది పెద్దది, “దర్-ఎ బొజొర్గ్-ఎ ఒతాఖ్” అంటే తలుపు పెద్దది. మొదటిదానిని వెనక నుంచి చదివితే “పెద్ద గది తలుపు” అని వస్తుంది. తెలుగులో ఆ మాట విన్నవారు పెద్దది గదో తలుపో చెప్పలేరు. మూలంలో స్పష్టంగా ఉన్నదానిని మనం మధ్యలో మసకబార్చి, ఆ మసకను ఇంగ్లీషులోకి మోసుకుపోతాము. వాణి గారి సంపాదకులు చేసినది సరిగ్గా ఇదే: అన్ని నామవాచకాలనూ పక్కపక్కన పేర్చి, ఏది దేనికి చెందినదో చెప్పడం మానేశారు.

గోదారి_గళం

తెలుగులో విభక్తి వేసి “పెద్ద గదికి ఉన్న తలుపు” అని రాసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు కదా. సమాసంగా రాసుకోమని నేను అనలేదు.

వ్యాకరణ_ప్రియ

విభక్తి వేయాలంటే ముందుగా మూలంలోని సంబంధం తెలియాలి. అది తెలిసిన తరువాత తెలుగు మెట్టు అవసరం ఏముంది? మీకు అలవాటైన పద్ధతిని కాదనను, కొత్తగా నేర్చుకునేవారికి మాత్రం చెప్పను.

ఇనాం_కాగితం

మా ఇంట్లో తాతల కాలపు పర్షియన్ కాగితం ఒకటి ఉంది, భూమికి సంబంధించిన ఇనాం పత్రమని పెద్దలు చెబుతారు. ఒకరు దానిని ఇంగ్లీషులో రాసి ఇచ్చారు. అందులో గ్రామం, పరగణా, సర్కారు, సుబా పేర్లన్నీ ‘ఆఫ్’తో కలిపి “విలేజ్ ఆఫ్... ఆఫ్ పరగణా ఆఫ్... ఆఫ్ సర్కార్ ఆఫ్...” అని వరుసగా ఉన్నాయి. అసలు కాగితంలో ఇన్ని ‘ఎ’ అక్షరాలు నాకు ఎక్కడా కనబడలేదు. రాసినవారు సొంతంగా చేర్చారా అన్నది నా సందేహం. ఇటువంటి కాగితాలను ఎక్కడ చూపించాలో కూడా చెప్పగలరు.

మూసీ_ఒడ్డు

ఆ అక్షరాలు మీకు కనబడకపోవడంలో వింత లేదు, పైన పాఠకుడు గారు చెప్పినట్టు అవి చాలాచోట్ల రాతలో ఉండవు. హైదరాబాదు రాజ్యంలో 1880ల దాకా కార్యాలయాల భాష పర్షియనే కాబట్టి ఇటువంటి పత్రాలు చాలా ఇళ్లలో ఉన్నాయి. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో మొగలుల కాలపు పర్షియన్ పత్రాలు పెద్ద సంఖ్యలో భద్రపరచబడి ఉన్నాయి. అక్కడ విచారిస్తే ఆ లిపి చదవగలవారి జాడ తెలిసే అవకాశం ఉంది.

పారశీక_పాఠకుడు

ఇనాం_కాగితం గారి ప్రశ్న వేరే దారిలో వచ్చినా ఈ చర్చకు దగ్గరదే. పాలనా విభాగాల వరుసలో రెండు రకాల సంబంధాలు కలిసి ఉంటాయి. “పరగణా” అనే మాటకూ దాని పేరుకూ మధ్య ఉన్నది, రెండూ ఒకటేనని చెప్పే సంబంధం. ఖూజెస్తాన్ దగ్గర చూసినదే ఇది. ఇంగ్లీషులో అక్కడ ‘ఆఫ్’ లేకుండా “పరగణా ఫలానా” అంటే చాలు. గ్రామం పరగణాలో ఉంది, పరగణా సర్కారులో ఉంది అనేది రెండో సంబంధం. దానికి ‘ఇన్’ గాని, ఒక కామా గాని వేస్తే సరిపోతుంది. మీకు రాసి ఇచ్చినవారు రెండింటికీ ‘ఆఫ్’ వేయడం వల్ల, ఏది ఊరి పేరో ఏది ఊరు ఉన్న చోటో తెలియకుండా పోయింది. అర్థం తప్పిందని చెప్పలేను, చదవడానికి మాత్రం కష్టం.

అటువంటి పత్రాలలో వ్యక్తుల పేర్ల దగ్గర కూడా జాగ్రత్త అవసరం. పర్షియన్‌లో తండ్రి పేరును ఎజాఫెతో చేర్చే పద్ధతి ఒకటి ఉంది. “రొస్తమ్-ఎ జాల్” అంటే జాల్ కుమారుడైన రొస్తమ్. అక్కడ ‘ఆఫ్’ వేస్తే జాల్ ఒక ఊరనుకుంటారు. “హసన్-ఎ సబ్బాహ్” వంటి పేర్లలోని ఎజాఫెను ఇంగ్లీషులో అసలు చూపించనక్కరలేదు.

దోహా_శ్రీను

చట్టపరమైన పత్రాల అనువాదం నా వృత్తి. ఇరానీ సహోద్యోగులతో కలిసి పని చేస్తాను. మా దగ్గర ‘ఆఫ్’లను తగ్గించడానికి ఇంత స్వేచ్ఛ ఉండదు. అయినా ప్రతి ఎజాఫెకూ ఒకే మాట వేయడం మాకు కూడా కుదరదు. 1397 ఇరానీ సంవత్సరంలో, అంటే 2018లో, చెక్కుల చట్టాన్ని సవరిస్తూ ఇరాన్ ఒక చట్టం చేసింది. దాని పేరు “ఖానూన్-ఎ ఎస్లాహ్-ఎ ఖానూన్-ఎ సొదూర్-ఎ చెక్”. మాటకు మాట పెడితే “లా ఆఫ్ అమెండ్‌మెంట్ ఆఫ్ లా ఆఫ్ ఇష్యుయెన్స్ ఆఫ్ చెక్” అవుతుంది. మేము “లా అమెండింగ్ ద లా ఆన్ ది ఇష్యుయెన్స్ ఆఫ్ చెక్స్” అని రాస్తాము. మొదటి రెండు ముడులు “అమెండింగ్” అనే ఒక్క మాటలో కలిసిపోయాయి. మూడోది చట్టం ఏ విషయం మీద ఉందో చెబుతుంది కాబట్టి ‘ఆన్’ అయింది. నాలుగోది మాత్రమే ‘ఆఫ్’గా మిగిలింది. వరుస ఎక్కడా మారలేదని గమనించండి. మూలంతో పక్కపక్కన పెట్టి చూసే న్యాయవాదికి ఏ మాట ఏ మాటకు సరిపోతుందో వెంటనే కనబడుతుంది.

“హౌ” అని ఉపవాక్యం కట్టడం వ్యాసాలలో బాగుంటుంది గాని, చట్టంలోనూ ఒప్పందంలోనూ నేను ఒప్పుకోను. నామవాచకం నామవాచకంగానే ఉండాలి, ఎందుకంటే తరువాతి నిబంధనలు ఆ నామవాచకాన్ని పట్టుకుని “పై పేర్కొన్న సవరణ” అని తిరిగి ప్రస్తావిస్తాయి.

కొత్త_చదువరి

“ఎస్లాహ్-ఎ ఖానూన్” అన్నప్పుడు చట్టాన్ని సవరించడమా, చట్టమే దేనినైనా సవరించడమా? రెండు అర్థాలూ రావచ్చు కదా?

పారశీక_పాఠకుడు

మంచి ప్రశ్న. క్రియ నుంచి పుట్టిన నామవాచకం తరువాత వచ్చే మాట ఆ క్రియకు కర్త కావచ్చు, కర్మ కావచ్చు. ఎజాఫె ఆ తేడా చెప్పదు. “ఎంతెఖాబ్-ఎ రయీస్-జొమ్హూర్” అంటే అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడం కావచ్చు, అధ్యక్షుడు చేసిన ఎంపిక కావచ్చు. దాని తరువాత “బరాయె వెజారత్-ఎ నీరూ” అని ఉంటే, ఇంధన మంత్రిత్వ శాఖకు అధ్యక్షుడు ఎవరినో ఎంచుకున్నాడని తేలుతుంది. అప్పుడు “ద ప్రెసిడెంట్స్ చాయిస్” అనాలి. ఎన్నికల వార్తలో అయితే “ది ఎలెక్షన్ ఆఫ్ ద ప్రెసిడెంట్” అనాలి. ఇంగ్లీషులో కర్తకు ముందువైపు షష్ఠి, కర్మకు వెనక ‘ఆఫ్’ అనే విభజన చాలావరకు పనిచేస్తుంది. అనువాదకుడు ఏదీ తేల్చకుండా అన్నిచోట్లా ‘ఆఫ్’ వేస్తే పాఠకుడు దానిని కర్మగా చదువుకునే అవకాశమే ఎక్కువ. మూలంలో కర్త ఉంటే అర్థం తలకిందులవుతుంది.

మూసీ_ఒడ్డు

విశేషణం దగ్గరి నామవాచకాన్నే పట్టుకుంటుందన్న మాట మీద ఇంకా ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు. వ్యాకరణ_ప్రియ గారి తలుపు ఉదాహరణ కూడా నా మాటనే బలపరుస్తోంది.

వ్యాకరణ_ప్రియ

చాలావరకు మీ మాట నిలుస్తుంది. స్వంతదారుడి పేరు గొలుసు చివర రావడం, మొదటి మాటకు చెందిన విశేషణం దానికంటే ముందే రావడం పర్షియన్ పద్ధతి. ఇరాన్ జాతీయ చమురు సంస్థ పేరు “షెర్కత్-ఎ మెల్లీ-యె నఫ్త్-ఎ ఈరాన్”. “మెల్లీ” అనే విశేషణం సంస్థ పక్కనే ఉంది కాబట్టి జాతీయమైనది సంస్థ. అది చమురు తరువాత వచ్చి ఉంటే చమురు జాతీయమయ్యేది. ఇంగ్లీషులో “నేషనల్ ఇరానియన్ ఆయిల్ కంపెనీ” అన్నప్పుడు వరుస పూర్తిగా మారినా సంబంధాలు చెడలేదు.

అయితే మొదటి రెండు మాటలు కలిసి ఒకే వస్తువు పేరుగా స్థిరపడినప్పుడు, తరువాతి విశేషణం ఆ మొత్తానికి చెందవచ్చు. “కెతాబ్-ఎ తారీఖ్-ఎ జదీద్” అంటే ఆధునిక చరిత్ర మీద పుస్తకం కావచ్చు, కొత్త చరిత్ర పుస్తకం కావచ్చు. అక్కడ దగ్గరితనం ఒక్కటే తీర్పు చెప్పలేదు. పైగా ఖూజెస్తాన్ విశేషణం కాదు, స్థలం పేరు. స్వంతదారుడిలాగే స్థలం పేరు కూడా గొలుసు చివర కూర్చుని మొత్తం పదబంధానికి చెందగలదు. “దానెష్గాహ్-ఎ ఒలూమ్-ఎ పెజెష్కీ-యె తెహ్రాన్” అన్నప్పుడు తెహ్రాన్ వైద్యశాస్త్రాలకు చెందదు, ముందెక్కడో ఉన్న విశ్వవిద్యాలయానికి చెందుతుంది. అందుకే ఆ సంస్థ ఇంగ్లీషు పేరు “తెహ్రాన్ యూనివర్సిటీ ఆఫ్ మెడికల్ సైన్సెస్”.

మూసీ_ఒడ్డు

స్థలం పేర్ల విషయంలో తెహ్రాన్ ఉదాహరణ బలంగా ఉంది. విశేషణాల విషయంలో మాత్రం నా నియమాన్ని వదులుకోను. “కెతాబ్-ఎ తారీఖ్” వంటివి పూర్తిగా సమాసాలైపోయిన కొద్ది మాటలే.

దోహా_శ్రీను

సంస్థల పేర్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. అధికారిక ఇంగ్లీషు పేరు ఉన్నచోట మన విశ్లేషణ ఎంత సరైనదైనా ఆ పేరునే వాడాలి. “వెజారత్-ఎ ఫర్హంగ్ వ ఎర్షాద్-ఎ ఎస్లామీ”ని చూస్తే, “ఎస్లామీ” అనే విశేషణం సంస్కృతికీ మార్గదర్శనానికీ రెండింటికీ చెందవచ్చునని వ్యాకరణం ఒప్పుకుంటుంది. అధికారిక ఇంగ్లీషు పేరు “మినిస్ట్రీ ఆఫ్ కల్చర్ అండ్ ఇస్లామిక్ గైడెన్స్”. అంటే విశేషణాన్ని రెండోదానికే కట్టారు. “వ” ఉన్న ప్రతి గొలుసులోనూ ఈ చిక్కు ఉంటుంది. అధికారిక పేరు లేని పత్రాలలో నేను పత్రం రాసినవారినే అడుగుతాను.

గోదారి_గళం

అధికారిక పేర్లు అన్నీ మూలానికి న్యాయం చేస్తాయని మీరు అనుకుంటున్నారా? “సెపాహ్-ఎ పాస్దారాన్-ఎ ఎంఖెలాబ్-ఎ ఎస్లామీ”లో ఇస్లామీ అనేది విప్లవానికి విశేషణం: ఇస్లామిక్ విప్లవ రక్షకుల దళం. పత్రికలలో స్థిరపడిన “ఇస్లామిక్ రెవల్యూషనరీ గార్డ్ కోర్” అనే పేరు చదివినవారికి దళం ఇస్లామికమైనదనీ, రక్షకులు విప్లవకారులనీ అనిపిస్తుంది. వారు కాపాడేది విప్లవాన్ని అన్న సంగతి ఆ పేరులో మిగలలేదు.

పారశీక_పాఠకుడు

మీరు చెప్పినది నిజమే, అయినా ఆ పేరును ఇప్పుడు ఎవరూ మార్చలేరు. పాఠకుడు వార్తలలో చూసే పేరే అనువాదంలోనూ ఉండాలి. సంబంధం ముఖ్యమైన వ్యాసమైతే మొదటి ప్రస్తావన దగ్గర ఒక వాక్యంలో వివరించవచ్చు. “షూరా-యె ఆలీ-యె ఎంఖెలాబ్-ఎ ఫర్హంగీ”కి ఆ ఇబ్బంది రాలేదు: “సుప్రీం కౌన్సిల్ ఆఫ్ ద కల్చరల్ రెవల్యూషన్”లో ఉన్నతమైనది మండలి, సాంస్కృతికమైనది విప్లవం. గొలుసు మధ్యలో ఒక్క ‘ఆఫ్’ను నిలపడంతో రెండు విశేషణాలూ తమ తమ నామవాచకాల దగ్గర ఉండిపోయాయి. పొడవైన గొలుసులో అన్ని ‘ఆఫ్’లనూ తీసేయకుండా ఒక్కదానిని ఎక్కడ ఉంచాలో తెలుసుకోవడానికి నేను ఈ పేరునే చూపిస్తుంటాను.

అనువాద_వాణి

అందరి మాటలూ దగ్గర పెట్టుకుని శీర్షికను మళ్లీ రాశాను: “రిజల్ట్స్ ఆఫ్ ఎ స్టడీ ఆఫ్ హౌ రైజింగ్ ఫ్యూయెల్ ప్రైసెస్ అఫెక్ట్ ద కాస్ట్ ఆఫ్ ట్రాన్స్‌పోర్టింగ్ అగ్రికల్చరల్ గూడ్స్ ఇన్ ఖూజెస్తాన్ ప్రావిన్స్.” తొమ్మిది ‘ఆఫ్’లలో మూడు మిగిలాయి. ఇది శీర్షికే గాని చట్టం కాదు కాబట్టి “హౌ” వాడాను, శ్రీను గారు మన్నించాలి.

దోహా_శ్రీను

శీర్షికకు “హౌ” బాగానే ఉంది. నా అభ్యంతరం “రైజింగ్” మీద. అఫ్జాయెష్ అంటే జరిగిపోయిన ఒక పెంపు కూడా కావచ్చు. ప్రభుత్వం ఒక్కసారి ధర పెంచితే వచ్చిన ప్రభావాన్ని కొలిచిన నివేదిక అయితే “ది ఇంక్రీజ్ ఇన్ ఫ్యూయెల్ ప్రైసెస్” అని ఆర్టికల్‌తో రాయాలి. “రైజింగ్” అంటే ధరలు పెరుగుతూ ఉన్నాయని అర్థం వస్తుంది. ఎజాఫె గొలుసులో ఆర్టికల్ ఉండదు, ఇంగ్లీషులో అది లేకుండా గడవదు.

వ్యాకరణ_ప్రియ

ఖూజెస్తాన్ ముందు ‘ఇన్’ వేయడం తెలివైన పని. సరుకులు ఖూజెస్తాన్‌లో పండినవైనా, రవాణా ఖూజెస్తాన్‌లో జరిగినా, ఆ ‘ఇన్’ రెండింటినీ మోయగలదు. మూలంలో ఉన్న సందేహం అలాగే ఉండిపోయింది.

మూసీ_ఒడ్డు

సందేహాన్ని అలాగే ఉంచడం శీర్షికలో ఎందుకు మంచిదవుతుంది? ఖూజెస్తాన్‌లో పండిన సరుకును తెహ్రాన్‌కు చేర్చే ఖర్చూ, ఖూజెస్తాన్ లోపల సరుకును తిప్పే ఖర్చూ ఒకటి కావు. చదివేవారికి కావలసినది ఆ తేడాయే. నివేదిక లోపల ఏముందో చూసి ‘ఫ్రమ్’ గాని ‘విదిన్’ గాని వేయాలి.

అనువాద_వాణి

నివేదికలోని పట్టికలను చూశాను. రెండో పట్టికలో అహ్వాజ్ నుంచి ఇతర ప్రాంతాల నగరాలకు లారీ అద్దెలు ఉన్నాయి. నాలుగో పట్టికలో మాత్రం దెజ్ఫూల్, షూష్‌తర్ వంటి ఖూజెస్తాన్ పట్టణాల మధ్య అద్దెలే ఉన్నాయి. ధరల విషయంలో శ్రీను గారి సందేహం తీరింది: నివేదిక కొలిచినది ఒక్క పెంపునే, కాబట్టి “ది ఇంక్రీజ్ ఇన్ ఫ్యూయెల్ ప్రైసెస్” అని మార్చి, “హౌ” తీసేసి “ది ఎఫెక్ట్ ఆఫ్... ఆన్...” అనే జతకు తిరిగి వెళుతున్నాను. దానితో ఒక ‘ఆఫ్’ పెరిగినా, “బర్” జత ఇంగ్లీషులోనూ కనబడుతుంది. ఖూజెస్తాన్ ముందు ‘ఇన్’నే ప్రస్తుతానికి ఉంచి, రచయితలకు రాసి అడిగాను.

మూసీ_ఒడ్డు

రెండు పట్టికలూ ఉన్నాయంటే రచయితలు రెండు అర్థాలనూ ఉద్దేశించి ఉండవచ్చు. వారి జవాబు వస్తే ఇక్కడ రాయగలరు. లారీ బయలుదేరిన చోటు రెండు పట్టికలలోనూ ఖూజెస్తానే కాబట్టి నా ఓటు ఇప్పటికీ ‘ఫ్రమ్’కే.